‘అన్నా’ అని మొదలుపెట్టాక ‘మీరు’ అనొచ్చా?

మొలక_98
ఒక సందేహం. మా కాలేజీలో నాకంటే చాలా ముందు చదివి వెళ్లిన ఒకాయన నంబర్ దొరికింది, ఉద్యోగం విషయం అడుగుదామని మెసేజ్ పెట్టాను. ముఖపరిచయం లేదు. ‘నమస్తే సార్, నేను మీ జూనియర్‌ని, మీతో ఒక ఐదు నిమిషాలు మాట్లాడాలి’ అన్నాను. ఆయన ‘చెప్పు తమ్మీ’ అన్నారు. సరే, కలుపుగోలుగా ఉన్నారు కదా అని ‘థాంక్యూ అన్నా, మీరు ఎప్పుడు ఖాళీగా ఉంటారో చెప్పండి’ అని రాశాను. దానికి ‘అన్నా అంటవు, మళ్ల మీరు ఏంది’ అని ఒక నవ్వు బొమ్మ వచ్చింది. మాది గుంటూరు వైపు, ఆయనది వరంగల్ వైపు. మా ఇంట్లో పెదనాన్న కొడుకును కూడా ‘అన్నయ్యా, మీరు’ అనే అంటాం. ఇప్పుడు నేను ‘నువ్వు’ అనాలా? ఆ అక్షరం మీదకి వేలు పోవట్లేదు.

అచ్చుతప్పు
ముందు ‘అన్నా’ అని దీర్ఘం పెట్టారు, సంతోషం. ఈ మధ్య అందరూ ‘హాయ్ అన్న’ అని రాస్తున్నారు. పిలిచేటప్పుడు దీర్ఘం ఉండాలి, అన్నా, అక్కా, తమ్ముడూ, గారూ. దీర్ఘం తీసేస్తే ఎవరో అన్న గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

మొలక_98
దీర్ఘం గురించి కాదండీ నేను అడిగింది.

సూటిగా_సుబ్బడు
ఇందులో చర్చ ఏముంది? సార్ అంటే దూరం, అన్నా అంటే దగ్గర. దూరమైతే మీరు, దగ్గరైతే నువ్వు. అయినా తెలంగాణ వాళ్లకి అండీలూ గారూలూ తక్కువ, మర్యాద పెద్దగా పట్టించుకోరు, కాబట్టి టెన్షన్ పడకుండా నువ్వు అనేయండి.

ఓరుగల్లు_పోరి
సుబ్బడు గారూ, మర్యాద పట్టించుకోరు అని ఎట్ల అంటరు? మా ఇంట్ల నాయినను ‘నువ్వు’ అంటం, తాతను ‘నువ్వు’ అంటం, అట్లని వాళ్ల ముంగట ఎదురు మాట్లాడం. ఆఫీసుల మేనేజర్‌కు మేం కూడా ‘మీరు’ అనే అంటం. మాకు ‘మీరు’ అంటే బయటి మనిషి అని. ఆ అన్నకు అనిపించింది గదే. తమ్మీ అని లోపలికి పిలిస్తే గడప బయట నిలబడి మాట్లాడినట్టు.

పాత_పలక
ఓరుగల్లు అమ్మాయి చెప్పింది అసలు సంగతి. సుబ్బడు గారు సగం దాకా సరిగ్గానే వచ్చారు గానీ, దగ్గరితనాన్నీ మర్యాదనూ ఒకే కొలతగా చూశారు. అవి రెండు వేర్వేరు కొలతలు. పలకరింపులో వాడే మాట (అన్నా, అక్కా, సార్, మేడమ్) ఒకటి చెబుతుంది, చివర క్రియకు అంటుకునే ‘వు’, ‘రు’, ‘అండి’ ఇంకొకటి చెబుతాయి. రెండిటినీ ఎలాగైనా జత చేసుకోవచ్చు.

‘సార్, చెప్పండి’ అన్నది అందరికీ తెలిసిన జత. ‘అన్నా, చెప్పు’ ఇంకొకటి. కానీ ఊళ్లలో పెద్దవాళ్లు ఆఫీసరు దగ్గరికి వెళ్లి ‘సారూ, నువ్వే జెర జూడాలె’ అనడం విన్నారా? సారూ అని ఆయన పదవిని నెత్తిన పెట్టుకున్నారు, వెంటనే నువ్వు అన్నారు. అందులో అమర్యాద ఇసుమంత కూడా లేదు. ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అన్న మాటే చూడండి. కాళ్లమీద పడే మనిషి కూడా ‘మీ’ అనలేదు, ‘నీ’ అన్నాడు. అంతెందుకు, గుళ్లో నిలబడి ‘స్వామీ, మీరే దిక్కు’ అని ఎంతమంది అంటారు? కోస్తాలోనైనా సీమలోనైనా దేవుడికి ‘నువ్వే’. కాబట్టి ఏకవచనం కనబడగానే గౌరవం లేదనుకోకూడదు.

ఇక మొలక గారి మెసేజ్‌లు. మీరు సార్ అన్నారు. అంటే ఆయన హోదా ఎక్కువని ఒప్పుకున్నారు, చుట్టరికం జోలికి పోలేదు. ఆయన ‘తమ్మీ’ అని దాన్ని కొట్టేసి వేరే లెక్క పెట్టారు. మీరు అన్నా అని ఆ లెక్కను ఒప్పుకున్నారు. అంతవరకు బాగుంది. కానీ ఆ తర్వాత వచ్చిన ‘మీరు, చెప్పండి’ పాత సార్‌తో వచ్చిన సామాను, దాన్ని అక్కడే వదిలెయ్యలేదు. మీ ఇంటి తెలుగులో అది తప్పు కాదు. ఆయన చెవికే తేడాగా వినిపించింది.

మొలక_98
అయితే ఏం చెయ్యాలి? నిన్నటి నుంచి ‘ఎప్పుడు కాల్ చేయొచ్చు అన్నా’, ‘రేపు వీలవుతుందా అన్నా’ ఇలా లాక్కొస్తున్నాను.

పాత_పలక
హహ. తెలుగులో ఇది బాగా పనికొచ్చే దొడ్డిదారి. ‘చేయొచ్చు’, ‘వీలవుతుంది’, ‘కుదురుతుంది’ లాంటి వాటిలో ఎదుటి మనిషి జాడే ఉండదు, ఏకవచనమా బహువచనమా తేల్చక్కర్లేదు. ‘నేను చెయ్యనా?’ అన్నా అంతే. కానీ ఇది రెండు మూడు మెసేజ్‌ల దాకే. ‘నీ రెజ్యూమె’ అనో ‘మీ రెజ్యూమె’ అనో అనాల్సి వచ్చినప్పుడు దొరికిపోతారు. వరుసగా నాలుగు వాక్యాల్లో నువ్వూ మీరూ రెండూ లేకపోతే రాసేవాడు ఇంకా తేల్చుకోలేదని చదివేవాళ్లకి అర్థమైపోతుంది.

నన్నడిగితే ‘మీరు’ మానక్కర్లేదు, ‘చెప్పండి’ లాంటి ఆజ్ఞలను మాత్రం తగ్గించండి. ఆయన ఇంకోసారి అంటే అప్పుడు మారండి. ఒకటి మాత్రం వద్దు, ‘అన్నా, వివరాలు పంపగలరు’. ‘పంపగలరు’, ‘గమనించగలరు’ అన్నవి ఆఫీసు కాగితాల్లోవి. అన్నా పక్కన పెడితే అన్నకు నోటీసు ఇచ్చినట్టు ఉంటుంది.

సూటిగా_సుబ్బడు
సరే, నువ్వు మీరు సంగతి ఒప్పుకుంటాను. కానీ సార్ అంటే దూరమే కదా? ఇంగ్లిష్ వాళ్లు వచ్చాక వచ్చిన మాట అది, అంతకు ముందు మనకి అన్నీ చుట్టరికాలే.

పాత_పలక
అన్నీ చుట్టరికాలే అయితే ‘దొరా’, ‘పంతులు గారూ’, ‘అయ్యవారూ’ ఎక్కడివి? హోదాతో పిలవడం మనకు పాతదే. ‘సార్’ వచ్చి వాటి చోట్లో కూర్చుంది. దూరం అన్నది కూడా ఎప్పుడూ నిజం కాదు. తెలంగాణలో ఆచార్య జయశంకర్ గారిని ‘జయశంకర్ సార్’ అనే తలుచుకుంటారు. అందులో దూరం ఎక్కడుంది? పాఠం చెప్పిన మనిషి మీద ఉండే మమకారమే ఉంది. ఎన్టీ రామారావు గారు ‘అన్నగారు’ అయ్యారు. అక్కడ చుట్టరికానికి ‘గారు’ తగిలించి దాన్ని హోదాగా మార్చారు. అదే ‘అన్నగారు’ను మీ తోటి కుర్రాడి మీద వాడి చూడండి, ‘అన్నగారు ఇప్పుడు నిద్ర లేచారు’ అంటే వెటకారం తప్ప ఇంకోటి కాదు.

ఓరుగల్లు_పోరి
ఇంకోటి చెప్త. ఉత్త ‘అన్నా’ ఎవలనైనా అంటం. ఆటో అన్నను, కొట్టు అన్నను, నాకన్న చిన్నోడైనా సరే. వాడు కూడా నన్ను అక్కా అంటడు. ఇద్దరం ఒకలకొకలం పెద్దోళ్లమే, హహ. కానీ ‘శీనన్నా’ అని పేరు కలిపి పిల్చిన్నంటే ఆ మనిషి నాకు నిజంగ తెలుసు అన్నట్టు.

మొలక_98
అప్‌డేట్. ఇవాళ ఫోన్ చేశాను, వాళ్లావిడ ఎత్తారు. కంగారులో ‘నమస్తే అక్కా, అన్న ఉన్నారా’ అన్నాను. ఆవిడ నవ్వి ‘అన్న భార్య అక్క ఎలా అవుతుంది బాబూ’ అన్నారు. సిగ్గు పోయింది.

అచ్చుతప్పు
‘వదినా’ అనాల్సింది. దీర్ఘంతో.

పాత_పలక
లెక్క ప్రకారం వదినే. ఆవిడ మీకు అక్క అయితే ఆయన మీకు బావ అవ్వాలి, మీరేమో ఆయన్ని అన్నా అంటున్నారు. మన చుట్టరికాల్లో ఒక కొసన పేరు పెడితే రెండో కొసన పేరు దానంతట అదే తేలుతుంది. అందుకే స్నేహితుడి భార్యను కొందరు ‘వదినా’ అంటే కొందరు ‘చెల్లెమ్మా’ అంటారు. వదినా అన్నవాడు స్నేహితుణ్ణి అన్నను చేసుకున్నాడు, చెల్లెమ్మా అన్నవాడు తెలిసో తెలియకో బావను చేసుకున్నాడు. పక్కింటి ఆడవాళ్లిద్దరు ఒకరినొకరు ‘వదిన గారూ’ అనుకుని, ఒకరి భర్తను ఇంకొకరు ‘అన్నయ్య గారూ’ అంటారే, ఆ లెక్క ఎంత పక్కాగా కుదురుతుందో చూడండి.

కానీ మీ నోట అక్కా రావడానికి కారణం ఉంది. వదిన, బావ, మరదలు అంటే మేలమాడే వరసలు. అక్కకూ చెల్లికీ ఆ గొడవ లేదు, అక్కా అంటే మనసులో వేరే ఏమీ లేదని ముందే చెప్పేసినట్టు. కొత్త ఆడమనిషితో మాట్లాడే మగవాళ్లు అక్కా అమ్మా అనేది అందుకే. ముఖం తెలియని మనిషిని మొదటి మాటే ‘వదినా’ అనడానికి చాలామందికి నోరు రాదు. లెక్క తప్పింది గానీ, మీరు తప్పు పని చేశారని నేను అనను.

జీరో_పీరియడ్
ఇంత మాట్లాడారు కాబట్టి నా సంగతి చెబుతాను. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. మా స్టాఫ్ రూమ్‌లో నాతో పాటు చేరిన మగ లెక్చరర్ ఉన్నాడు, నాకంటే రెండేళ్లు చిన్న. ఆఫీసు స్టాఫ్ అతన్ని ‘సార్, సంతకం పెట్టండి’ అంటారు. నన్ను ‘అక్కా, ఇక్కడో సంతకం పెట్టు’ అంటారు. పిలుపులో ప్రేమ ఉంది, కాదనను. కానీ మీటింగ్‌లో అతను చెప్పింది సార్ చెప్పినట్టు, నేను చెప్పింది అక్క చెప్పినట్టు ఉంటోంది. ‘మేడమ్ అనండి’ అంటే నాకు పొగరు అంటారు.

సూటిగా_సుబ్బడు
అక్కా అంటే మంచిదే కదండీ, సొంత మనిషిలా చూస్తున్నారు. నన్నెవరూ అన్నా అనరు.

ఓరుగల్లు_పోరి
సుబ్బడు గారూ, ఆమె అడిగి తీసుకున్నది కాదు గద అది, ఆమె మీద పెట్టింరు. మొలకకు ఆ అన్న తమ్మీ అని పిలుపు ఇచ్చిండు, పైనున్నోడు ఇచ్చిండు కాబట్టి నడుస్తది. కిందున్నోళ్లు ఎవలనూ అడగకుంట అక్కా అంటే వేరే.

పాత_పలక
అది కొంతవరకు నిజం. ‘అన్నా అను చాలు’ అనే హక్కు సాధారణంగా పెద్దవాడి చేతిలో ఉంటుంది. కానీ జీరో పీరియడ్ గారూ, మీ ఇబ్బంది అక్కా అన్న మాట ఒక్కదానితో కాదేమో అనిపిస్తోంది. ‘అక్కా, సంతకం పెట్టండి’ అని ఉంటే ఇంత గుచ్చుకునేదా? అతనికి ‘పెట్టండి’, మీకు ‘పెట్టు’, తేడా అక్కడ ఉంది. ముందు క్రియ మార్చమని అడిగి చూడండి, మేడమ్ సంగతి తర్వాత.

జీరో_పీరియడ్
‘పెట్టండి’ అన్నా అక్క అక్కే అవుతుంది పలక గారూ. అతన్ని అన్నా అని పిలవడం మొదలుపెట్టిన రోజున నన్ను అక్కా అననివ్వండి, అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

అచ్చుతప్పు
మా ఆఫీసులో కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ నాకంటే పదిహేనేళ్లు చిన్న. ‘అమ్మా’ అంటే ఊరుకోదు, మేడమ్ అంటే నాకు నోరు తిరగదు. నేను గత నెల నుంచి ‘నమస్కారమండీ’ అని మొదలుపెట్టి ఏ పిలుపూ లేకుండా నెట్టుకొస్తున్నాను. ఇది ఎన్నాళ్లు నడుస్తుందంటారు?