పాత డ్రైవర్ కంటైనర్‌లో నడుస్తుందా, వీఎం తప్పదా?

రవళి_ల్యాబ్
మా ల్యాబ్‌లో యూఎస్‌బీ మీద నడిచే ఒక కొలత పరికరం ఉంది. దాని సాఫ్ట్‌వేర్ సెంటాస్ 6 కాలంది. డ్రైవర్ `.ko` ఫైలుగా మాత్రమే ఉంది, సోర్స్ ఎవరి దగ్గరా లేదు. దాన్ని నడిపే పాత పీసీ ఎప్పుడు ఆగిపోతుందోనని టెన్షన్‌గా ఉంది. కొత్త సర్వర్‌లో డాకర్ ఉంది కదా అని సెంటాస్ 6 ఇమేజ్ తెచ్చి నడిపాను. బాష్ తెరుచుకోకుండానే ఆగిపోతోంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ లేదు, exit code 139 మాత్రం చూపిస్తోంది.

చింటూ_దేవ్
ఇమేజ్ పాడైనట్టుంది, తీసేసి మళ్ళీ దించండి. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉంటుంది కాబట్టి హోస్ట్‌తో సంబంధం ఉండదు. నా మ్యాక్‌లో కంటైనర్ లోపల `uname -r` కొడితే లినక్స్ కెర్నలే కనిపిస్తుంది.

శ్రీధర్
చింటూ, నువ్వు చూసింది నిజమే, కానీ ఆ కెర్నల్ కంటైనర్‌ది కాదు. మ్యాక్‌లో డాకర్ వెనకాల ఒక లినక్స్ వీఎం నడుస్తుంది. నీ కంటైనర్లన్నీ ఆ వీఎం కెర్నల్‌నే పంచుకుంటాయి. లినక్స్ సర్వర్ మీద అదే కమాండ్ కొట్టి చూడు, హోస్ట్ కెర్నల్ వెర్షనే వస్తుంది.

రవళి గారూ, 139 అంటే 128కి సిగ్నల్ నంబరు 11 కలిపినది, అంటే సెగ్‌ఫాల్ట్. ఇమేజ్ బాగానే ఉండి ఉంటుంది. హోస్ట్‌లో `dmesg` చూడండి, `vsyscall attempted with vsyscall=none` అనే లైను ఉందా? సెంటాస్ 6 లోని జీలిబ్‌సీ టైమ్ అడగడానికి vsyscall అనే పాత దారి వాడుతుంది. కొన్ని కొత్త కెర్నల్స్‌లో భద్రత కోసం ఆ దారి మూసేశారు.

రవళి_ల్యాబ్
అచ్చం అదే లైను ఉంది! హోస్ట్ బూట్ లైనులో `vsyscall=emulate` పెట్టి రీబూట్ చేశాను, బాష్ తెరుచుకుంది. ఇక డ్రైవర్ ఎక్కిద్దామని `--privileged` తో నడిపితే ఇలా వచ్చింది:

```
insmod: error inserting 'meter.ko': -1 Invalid module format
```

మాడ్యూల్ 2.6.32 కెర్నల్‌కి కట్టింది, హోస్ట్‌లో ఉన్నది 6.1.

చింటూ_దేవ్
ఫోర్స్ చేసి ఎక్కిస్తే?

శ్రీధర్
దయచేసి ఆ పని చేయొద్దు. కంటైనర్‌లోంచి `insmod` కొట్టినా మాడ్యూల్ ఎక్కేది హోస్ట్ కెర్నల్‌లోకే. 2.6.32 నాటికీ ఇప్పటికీ కెర్నల్ లోపలి స్ట్రక్చర్లు చాలా మారిపోయాయి. పాత కోడ్ ఏదో ఒక తప్పు చోట రాస్తే మీ కంటైనర్ ఒక్కటే కాదు, సర్వర్ మొత్తం పడిపోతుంది. పైగా మొదటి సమస్య తీర్చుకోవడానికే మీరు సర్వర్ అంతటికీ బూట్ సెట్టింగ్ మార్చాల్సి వచ్చింది. మీ ప్రోగ్రాముకి కావాల్సింది పాత లైబ్రరీలే అయితే కంటైనర్ సరిపోయేది. ఇక్కడ పాత కెర్నలే కావాలి, కాబట్టి కేవీఎంలో పూర్తి గెస్ట్ పెట్టండి. డ్రైవర్ తప్పు చేసినా గెస్ట్ కెర్నల్ పానిక్ అవుతుంది, హోస్ట్ నడుస్తూనే ఉంటుంది. ఆ బూట్ సెట్టింగ్ కూడా తీసేయండి.

సెంటాస్ 6 కి 2020 నవంబరు నుంచి ప్యాచ్‌లు ఆగిపోయాయి, అందుకని గెస్ట్‌కి బయటి నెట్‌వర్క్ ఇవ్వొద్దు. యూఎస్‌బీ పరికరాన్ని బస్ నంబరుతో కాకుండా వెండర్, ప్రాడక్ట్ ఐడీలతో అప్పగించండి. రీబూట్ తర్వాత బస్ నంబర్లు మారిపోవచ్చు.

వసంత
మాదీ ఇదే సమస్య. మా దగ్గర విద్యార్థులు రాసిన ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపి మార్కులు వేస్తాం. 2022లో డర్టీ పైప్ లోపం బయటపడ్డప్పుడు నాకు నిద్ర పట్టలేదు. చదవడానికి మాత్రమే ఉన్న ఫైలు మీద కూడా రాయగలిగే లోపం అది. ఒకే ఇమేజ్ లేయర్‌ను పంచుకున్న పక్క కంటైనర్లకూ ఆ మార్పు కనిపిస్తుంది. ఇప్పుడు తెలియనివాళ్ళ కోడ్ ఏదైనా వీఎంలోనే నడుపుతున్నాం.

శ్రీధర్
వసంత గారూ, మీది వేరే సమస్యండీ. రవళి గారికి పాత కెర్నల్ కావాలి, మీకు ఎవరి కెర్నల్ వాళ్ళకుండే గోడ కావాలి. వీఎం గోడ గట్టిదే, అలాగని పగలదని కాదు. 2015లో వెనమ్ లోపం క్యూఈఎంయూలోని ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో దొరికింది. వాడని పరికరాలు గెస్ట్‌లోంచి తీసేయండి.

వసంత
ఒక్కో సమర్పణకి ఒక వీఎం లేపాలంటే వరస పెరిగిపోతోంది. ఫైర్‌క్రాకర్ లాంటి చిన్న వీఎంలు ఎవరైనా రోజూ వాడుతున్నారా?

రవళి_ల్యాబ్
గెస్ట్ లేచిందండీ! 1 జీబీ మెమరీ ఇచ్చాను, లోపల `uname -r` కొడితే 2.6.32 అని వచ్చింది, డ్రైవర్ ఎక్కింది. పరికరం నుంచి రీడింగులు పాత పీసీలో వచ్చినట్టే వస్తున్నాయి. ఒక్కటే ఇబ్బంది: కేబుల్ పీకి మళ్ళీ పెడితే గెస్ట్‌కి పరికరం కనిపించట్లేదు, వీఎం ఆపి మళ్ళీ లేపాల్సి వస్తోంది.

శ్రీధర్
పెట్టిన ప్రతిసారీ `virsh attach-device` నడిపేలా హోస్ట్‌లో ఒక యూడెవ్ రూల్ రాయొచ్చు. లేదంటే యూఎస్‌బీ కంట్రోలర్ మొత్తాన్ని గెస్ట్‌కి ఇచ్చేయండి, అప్పుడు పీకడం, పెట్టడం గెస్టే చూసుకుంటుంది. కానీ ముందు దాని ఐఓఎంఎంయూ గ్రూపులో ఇంకేం ఉన్నాయో చూడండి, ఒకే గ్రూపులోని పరికరాలను హోస్ట్‌కీ గెస్ట్‌కీ విడదీసి పంచలేం.

రవళి_ల్యాబ్
చూశాను, అదే గ్రూపులో నెట్‌వర్క్ కార్డు కూడా ఉంది. అయితే యూడెవ్ రూలే రాస్తాను.