చర్చ: తమ్మునికి పీహెచ్‌క్యూ-9లో 16 వచ్చింది, డిప్రెషన్ ఉన్నట్టేనా?

శెనక్కాయ_సేద్యం (అనంతపురం)
మా తమ్మునికి 26 ఏళ్లు. ఫోన్‌లో తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ ఫారం నింపితే 27కి 16 వచ్చింది, పక్కనే ఎర్రగా "తీవ్రత ఎక్కువ" అని చూపించింది. ఆందోళన ఫారంలో 21కి 9. అది చూసినప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టడం లేదు. ఇది డిప్రెషనేనా? గుంతకల్లు వైపు మంచి డాక్టరు ఎవరైనా ఉన్నారా?

సైకాలజీ_ఎమ్మెస్సీ
15 దాటితే ఇంక అనుమానం లేదు, మందులు మొదలుపెట్టాల్సిందే. 2001 నాటి అసలు పరిశోధనలోనే 10 మార్కుల గీతకు 88 శాతం ఖచ్చితత్వం వచ్చింది. నా ప్రాజెక్టే దీనిమీద.

కడప_లక్ష్మి
మా నాన్నకు వచ్చింది 6 మాత్రమే. "కొంచెమే కదా" అని మేం ఊరుకున్నాం. చివరి ప్రశ్న, బతకడం కంటే చావడం మేలనిపిస్తుందా అన్నది, దానికి 1 పెట్టినాడని ఎవరం చూడలేదు. నెల తర్వాత పురుగుమందు డబ్బా దగ్గర పట్టుకున్నాం. దేవుని దయ వల్ల బతికినాడు. మొత్తం చూసి మోసపోవద్దు అన్నా, ఆ ఒక్క గడి చూడండి.

వార్డు_సిస్టర్ (కర్నూలు)
లక్ష్మిగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ గడిలో సున్నా తప్ప ఏమున్నా, మొత్తం ఎంతైనా, ఆ రోజే నేరుగా అడగాలి. రాత్రిపూటైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఆ డబ్బా లాంటివి ఇంట్లోంచి తీసేయాలి.
శెనక్కాయ అన్నా, 16 అని మొత్తం కాదు, తొమ్మిది గడుల్లో ఏది ఎంతో వరుసగా రాయండి.

లెక్కల_మాస్టారు
88 శాతం అన్నవారికి: వెయ్యిమందిలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 100 మంది అనుకోండి. వాళ్లలో 88 మంది దొరుకుతారు. మిగతా 900 మందిలో 12 శాతం, అంటే 108 మంది, జబ్బు లేకుండానే 10 దాటుతారు. గీత దాటిన 196 మందిలో సగానికంటే తక్కువే అసలు రోగులు.

సైకాలజీ_ఎమ్మెస్సీ
అది 10 గీతకు లెక్క. ఇక్కడ 16. మీరు లెక్కలు చెప్పుకోండి, రోగులను మాకు వదలండి.

లెక్కల_మాస్టారు
16కైనా తప్పులు తగ్గుతాయే గాని పోవు. నా కూతుర్ని ఒక చోట ఇట్లాగే అంకె చూసి మందుల మీద పెట్టారు, తర్వాత తేలింది థైరాయిడ్. ఆర్నెల్లు పోయాయి. నాకు కోపం ఊరికే రాలేదు.

శెనక్కాయ_సేద్యం
ఆసక్తి 1, దిగులు 1, నిద్ర 3, నీరసం 3, ఆకలి 3, తన మీద తనకు చులకన 1, ఏకాగ్రత 2, మందకొడితనం 2, చివరిది 0. పంటకు అడవిపందులు పడుతున్నాయని నెలగా చేన్లో మంచె మీద కాపలా పడుకుంటున్నాడు.

వార్డు_సిస్టర్
చూడండి, 16లో 13 నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, మందకొడితనం నుంచే వచ్చాయి. రాత్రంతా మేలుకునేవానికి ఇవి ఎట్లాగూ వస్తాయి. రక్తం తక్కువున్నా వస్తాయి. ఈ ఫారం ప్రకారమే మొదటి రెంటిలో ఒక్కటైనా 2 ఉండాలి, అప్పుడే పెద్ద డిప్రెషన్ అనుమానం. ఇంకొకటి, ఇది రోజుల లెక్క: రెండు వారాల్లో ఎన్ని రోజులు అని. చాలామంది ఎంత బాధ అని పెడతారు. కాపలా మార్చి, రక్తపరీక్ష చేయించి, రెండు వారాలకు పక్కన కూర్చొని మళ్లీ అడగండి.

కడప_లక్ష్మి
పక్కన కూర్చుంటే నిజం చెప్తారా? మా నాన్న చెప్పలేదు.

శెనక్కాయ_సేద్యం (పదిహేడు రోజుల తర్వాత)
కాపలాకు మామ పోతున్నాడు. రక్తం బాగానే ఉంది. తమ్ముడు ఇంట్లో పడుకుంటున్నాడు. మళ్లీ నింపితే 11 వచ్చింది, అమ్మ సంతోషపడింది. కానీ నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, మందకొడితనం 1కి దిగితే ఆసక్తి, దిగులు, చులకన మూడూ 2కి పెరిగాయి. పోయినసారి అమ్మ ఎదురుగా ఉందని తగ్గించి పెట్టినాడట. బోరుకు చేసిన అప్పు మాట నిన్న రాత్రి చెప్పినాడు.

సైకాలజీ_ఎమ్మెస్సీ
నేను ముందే చెప్పాను కదా.

వార్డు_సిస్టర్
మీరు చెప్పింది అంకె చూసి, బాబూ. అంకె తగ్గినాక కదా అనుమానం పెరిగింది. శెనక్కాయ అన్నా, 5 తగ్గిందని ఆగొద్దు, ఈ వారమే సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. రెండు కాగితాలూ పట్టుకెళ్లండి. ఎప్పుడైనా నిద్ర లేకున్నా అలుపు లేకుండా, మాటలు ఆగకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన రోజులున్నాయా అన్నది ఇంట్లో అడిగి వెళ్లండి, ఈ ఫారం అది అడగదు, మందు మాత్రం దాన్నిబట్టి మారుతుంది. మీరు బయట కూర్చోండి, అమ్మను కూడా లోపలికి పంపొద్దు.

శెనక్కాయ_సేద్యం
మంగళవారం పోతున్నాం అక్కా. అప్పు సంగతి ఇంకా అమ్మకు చెప్పలేదు.