పాప నోట్లో తెల్లపూత మళ్లీ వచ్చింది, నాకూ మందు కావాలా?

మాది విశాఖ, గాజువాక. మూడు నెలల పాపకి నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లమచ్చలు. పాలపూతైతే తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే పోతుంది కదా, ఇది పోవడం లేదు. కాస్త ఊడిన చోట కింద ఎర్రగా ఉంది. డాక్టరుగారు ఫంగస్ అని చెప్పి క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాశారు. తగ్గింది, ఆపగానే మళ్లీ మొదలు! ఇప్పుడు నాకూ చనుమొనలు మంట, పాలిచ్చాక కూడా పొడిచినట్టు నొప్పి. ఒకరి నుంచి ఒకరికి తిరుగుతోందేమో అని టెన్షన్‌గా ఉంది.

తల్లీబిడ్డా ఒకేసారి మందు వాడినవాళ్లున్నారా? నాకు క్రీమ్ రాస్తే, పాలిచ్చే ముందు తుడిచేయాలా? సీసా, పీకలు రోజూ మరిగిస్తున్నాను, పాత పీకలు పారేయాలా? అత్తయ్యగారు తేనె రాయమంటున్నారు గానీ, ఏడాదిలోపు పిల్లలకి అది ప్రమాదం కాబట్టి నేను ఒప్పుకోలేదు. సోమవారం మళ్లీ చూపిస్తాం, డాక్టరుగారిని ఇంకేం అడగాలి?