30 లక్షల కాల్: పూర్తిగా అడగాలా, తగ్గించి అడగాలా?

నాగావళి కెమిస్ట్రీ: శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. ఉద్దానం బావినీళ్ల మీద మూడేళ్ల ప్రాజెక్టు రాస్తున్నాను. పరిశోధన నిధులకి ప్రపోజల్స్ పిలిచిన కాల్‌లో 'గరిష్ఠంగా 30 లక్షలు, ఓవర్‌హెడ్‌తో కలిపి' అని ఉంది. పరికరాలు మొత్తంలో 25 శాతం దాటకూడదట. మా హెచ్‌వోడీ 'ఫుల్లుగా అడిగితే కొట్టేస్తారు, 22 రాయమ్మా' అంటున్నారు. ఏం చేయమంటారు?

కోట జంక్షన్: మీ హెచ్‌వోడీ చెప్పిందే రైటు. తక్కువ అడిగినవాళ్లంటే కమిటీకి మంచి అభిప్రాయం. ఓవర్‌హెడ్, అంటే కాలేజీకి వెళ్లే వాటా, 10 శాతం ఎలాగూ పైన ఇస్తారు. పరికరం కొనగా మిగిలింది కెమికల్స్‌కి సర్దుకోండి. డబ్బు దేనికి వాడామో చెప్పే యూసీ ఆఖర్న ఒక్కసారి పంపితే సరి.

ఎచ్చెర్ల పెద్దాయన: అమ్మా, ముందు కాగితం మీద లెక్క వేసి చూడు. 'కలిపి' అని రాశారంటే ఓవర్‌హెడ్ పైన రాదు, లోపలే. మొత్తంలో 10 శాతం అంటే 3 లక్షలు కాలేజీకి. నీ చేతికి 27.

ప్రాజెక్టులో పనిచేసే రీసెర్చ్ ఫెలో, జేఆర్ఎఫ్‌కి నెలకి 37,000 చొప్పున రెండేళ్లు, మూడో ఏడు సీనియర్ ఫెలో, ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000. హెచ్ఆర్ఏ మన ఊరికి 10 శాతం వేసుకో. మొత్తం 15,31,200. ఇక మిగిలేది 11 లక్షల 69 వేలు. శ్రీకాకుళం నుంచి ఉద్దానంలో కవిటి వెళ్లి రావడం అంటే పోను వంద కిలోమీటర్లు దాటుతుంది. నెలకో ట్రిప్పు, కారు అద్దె 4,500 అనుకున్నా 36 ట్రిప్పులకి లక్షా 62 వేలు. నలభై బావులు, ఏడాదికి రెండుసార్లు, మూడేళ్లకి 240 శాంపిళ్లు. బయట ల్యాబులో ఒక్కోదానికి 1,500 అయినా 3 లక్షల 60 వేలు. ఇక ఉన్నది ఆరున్నర లక్షల లోపు. అందులోనే పరికరం, బాటిళ్లు, కంటింజెన్సీ. 22 రాస్తే దేన్ని తీసేస్తావు?

నాగావళి కెమిస్ట్రీ: మాస్టారూ, స్పెక్ట్రోఫోటోమీటర్ కొటేషన్ 6 లక్షల 40 వేలకి వచ్చింది. 25 శాతం అంటే ఏడున్నర కదా, ఆ లోపే ఉంది అనుకున్నాను.

ఎచ్చెర్ల పెద్దాయన: కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో 'జీఎస్టీ అదనం' అని ఉందేమో చూడు. 18 శాతం కలిపితే 7,55,200. ఐదు వేల రెండొందలు ఎక్కువైపోయి గీత దాటేశావు. పరిశోధన సంస్థలకి ఇదివరకు ఉన్న 5 శాతం రాయితీ 2022 జూలైలో తీసేశారు. పాత ప్రపోజల్ చూసి రాసేవాళ్లు ఇక్కడే పడతారు. పైగా నీ దగ్గర అంత డబ్బే లేదు. చిన్న మోడల్ చూడు, లేదా పక్క యూనివర్సిటీ మెషీన్ వాడుకుని టెస్టింగ్ ఛార్జీలు రాయి. ఆ ఛార్జీలు ఏ ఖర్చు పద్దు కింద, అంటే ఏ హెడ్‌లో పెట్టమన్నారో కాల్‌లోనే చూసుకో. తప్పు హెడ్‌లో పెడితే ఆడిట్‌లో ఒప్పుకోరు.

మెంటాడ మేడమ్: కోట జంక్షన్ గారూ, 'సర్దుకోండి' అన్నారే, నేను అలాగే సర్దుకున్నాను. పరికరానికి ఇచ్చింది క్యాపిటల్ డబ్బు, కెమికల్స్‌ది వేరే హెడ్. ముందుగా అనుమతి లేకుండా మార్చినందుకు 38 వేలు కాలేజీ వెనక్కి కట్టాల్సి వచ్చింది. యూసీ కూడా ఆఖర్న కాదు సార్, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో పంపాలి, ఖర్చుల పట్టికతో. మా అకౌంట్స్ సెక్షన్ సంతకానికి తిప్పుతూ కూర్చుంది, రెండో విడత ఆగింది. నా జేఆర్ఎఫ్ పిల్లకి ఐదు నెలలు స్టైపెండ్ లేదు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా మనది కాదు, కేంద్రానికి జమ చేయాలి.

కోట జంక్షన్: సరే, ఓవర్‌హెడ్, యూసీ విషయంలో నేను తప్పు. కానీ ఎక్కువ రాస్తే కోత తప్పదు. నా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న బడ్జెట్ మీదే.

ఎచ్చెర్ల పెద్దాయన: కోత ఉంటుంది, కాదనను. అమ్మా, సెలెక్షన్ మార్కుల్లో బడ్జెట్‌కి వేరే మార్కులు ఇచ్చారా?

నాగావళి కెమిస్ట్రీ: లేవండీ. పరిశోధన నాణ్యత, అనుకున్నది చేయగలరా లేదా, ప్రాజెక్టు నడిపే పీఐ అనుభవం, సమాజానికి ఉపయోగం. అంతే.

ఎచ్చెర్ల పెద్దాయన: అయితే 22 రాసి ఫెలోని తీసేస్తే 'చేయగలరా' అన్నచోట మార్కులు పోతాయి. ప్రతి రూపాయి ఎదుట కారణం రాయి. కోస్తే దేన్ని వదులుకోగలవో ముందే మనసులో పెట్టుకో. నేనైతే శాంపిళ్లు ఏడాదికి ఒక్కసారికి తగ్గిస్తాను, మనిషిని తియ్యను.

కోట జంక్షన్: ఒక్కసారి తీస్తే వానాకాలం, వేసవి తేడా ఎలా తెలుస్తుంది? అదే కదా ప్రాజెక్టు!

సోంపేట కుర్రాడు: లెక్కలు నాకు తెలీవు గానీ, మా ఊరు బాటిళ్లు పట్టుకొచ్చినవాళ్లని చాలామందిని చూసింది. మా బావిలో ఏముందో ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు. ఆ 30 లక్షల్లో దానికేమైనా ఉందా మేడమ్?

నాగావళి కెమిస్ట్రీ: లేదు తమ్ముడూ. ఇప్పటిదాకా రాయలేదు. 'ఇతర ఖర్చులు' అని ఒక హెడ్ ఉంది, ఊళ్లో మీటింగుకి, బావి బావికీ రిపోర్టు ప్రింట్లకి అందులో ఒప్పుకుంటారేమో మెయిల్ పెట్టి అడుగుతాను.