షెల్లీ పద్యం చివరి రెండు లైన్లు: EE అనాలా, వద్దా?

తెల్లకాగితం (ప్రశ్న)
షెల్లీ రాసిన 'ఓడ్ టు ది వెస్ట్ విండ్' ఐదో భాగానికి రైమ్ స్కీమ్, అంటే ఏ లైన్ల చివరి ధ్వనులు కలుస్తాయో చూపే అక్షరాల వరస, రాయమన్నారు. మా అమ్మాయి ABA BCB CDC DED EE అని రాసింది. చివర 'విండ్', 'బిహైండ్' అని ఉంది కదా, ఇవి రెండూ చెవికి కలవవు, అందుకని EE తప్పని, అది కప్లెట్, అంటే ధ్వని కలిసే రెండు లైన్ల జత, కూడా కాదని మార్కు తీసేశారు. ఎవరిది ఒప్పు?

ఏటిగట్టు
అమ్మాయిదే ఒప్పు. ఎందుకో తెలియాలంటే చివరి రెండు లైన్లకు ముందున్న లైను కూడా చూడాలి. ఈ భాగంలో లైన్ల చివరి మాటలు వరసగా ఇవి: ఇజ్, ఓన్, హార్మొనీజ్. టోన్, ఫియర్స్, వన్. యూనివర్స్, బర్త్, వర్స్. హార్త్, మ్యాన్‌కైండ్, ఎర్త్. విండ్, బిహైండ్.

మూడు లైన్ల టెర్సెట్లు నాలుగు, తర్వాత రెండు లైన్లు, మొత్తం పద్నాలుగు. ప్రతి టెర్సెట్‌లో నడిమి లైను తన టెర్సెట్‌లో ఎవరితోనూ కలవదు, తర్వాతి టెర్సెట్ మొదటి, మూడో లైన్లతో కలుస్తుంది. నాలుగో టెర్సెట్ నడిమి మాట 'మ్యాన్‌కైండ్'. అంటే E అనే అక్షరం పుట్టింది అక్కడే, చివరి రెండు లైన్లలో కాదు. E గుంపులో మూడు మాటలున్నాయి: మ్యాన్‌కైండ్, విండ్, బిహైండ్. మొదటిదీ చివరిదీ శుభ్రంగా కలుస్తున్నాయి. తేడా ఉన్నది మధ్యలో ఒక్క 'విండ్' దగ్గరే. పైగా ఇంగ్లీషు కవులు కవిత్వంలో ఆ మాటను 'వైండ్' అని పలికి 'మైండ్', 'కైండ్' లాంటి వాటితో జత కట్టడం షెల్లీకి చాలా ముందు నుంచీ ఉంది. ఆయన ఈ పద్యం రాసింది 1819లో. ఆనాటి పాఠకుడికి ఆ జత కొత్తేమీ కాదు.

చెవికేపట్టం
నేను ఒప్పుకోను. రైమ్ అంటే చెవి వ్యవహారం. ఒత్తి పలికే చివరి అచ్చు దగ్గర్నుంచి మాట చివరిదాకా ధ్వని ఒకటైతేనే ఒకే అక్షరం ఇవ్వాలి. పుస్తకాల్లో మొదట నేర్పేది అదే. ఆ లెక్కన ఐదో భాగాన్ని ఇవాళ్టి ఉచ్చారణతో గీస్తే వచ్చేది ఇది:

ABC BDE FGF HIG JI

ఇజ్, హార్మొనీజ్ పొట్టి అచ్చూ పొడుగు అచ్చూ. ఓన్, టోన్ కలుస్తాయి, 'వన్' కలవదు. 'ఫియర్స్' ఒకటి, 'యూనివర్స్' ఇంకొకటి. బర్త్, ఎర్త్ సరే, 'హార్త్' వేరు. చెవికి వినిపించేది ఇది. మీరేమో ముందే 'ఇది ABA BCB' అని అనుకుని, దానికి సరిపోయేలా అక్షరాలు వేస్తున్నారు. అక్షరాల నుంచి నమూనా రావాలి గానీ నమూనా నుంచి అక్షరాలు వస్తే ఆ పని చేసి లాభమేముంది?

నల్లబల్ల
అసలు ఇంత గొడవెందుకండీ? ప్రతి చరణానికీ A నుంచి మొదలుపెట్టాలి. మేం పిల్లలకు అలాగే చెప్తాం. ABA ABA ABA ABA AA. మూడు లైన్ల చరణానికి మూడక్షరాలు, రెండు లైన్లకు రెండు. అయిపోయింది.

ఏటిగట్టు
నల్లబల్ల గారూ, చరణాల మధ్య ధ్వని దాటని పద్యాలకు మీ పద్ధతి నడుస్తుంది. ఇక్కడ నడవదు. ABA ABA అని రాస్తే రెండు టెర్సెట్లకూ ఒకటే ధ్వని అని కొందరు చదువుతారు, రెంటికీ సంబంధమే లేదని ఇంకొందరు చదువుతారు. రెండూ అబద్ధాలే. 'ఓన్' మొదటి టెర్సెట్‌లో B, రెండో టెర్సెట్‌లో 'టోన్' A అవుతుంది. ఒకే ధ్వనికి రెండు పేర్లు పెట్టినట్టయింది. టెర్సెట్‌ను టెర్సెట్‌కు కట్టే ముడి ఆ నడిమి లైనే, దాన్నే మీ పద్ధతి చెరిపేస్తోంది. అక్షరాలు కనీసం భాగం చివరిదాకా ఆగకుండా నడవాలి.

చెవికేపట్టం గారి అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని దాటెయ్యకూడదు. నమూనాను ఐదో భాగం నుంచే తీసి ఐదో భాగం మీదే రుద్దితే ఆయనన్నట్టు గుండ్రంగా తిరిగినట్టే. కానీ ఈ పద్యంలో ఇలాంటి భాగాలు ఐదున్నాయి. రెండో భాగం తీసుకుని, మీ నియమంతోనే, చెవితోనే గీయండి. చివరి మాటలు: కమోషన్, షెడ్, ఓషన్. స్ప్రెడ్, సర్జ్, హెడ్. వర్జ్, హైట్, డర్జ్. నైట్, సెపల్కర్, మైట్. ఆట్మాస్ఫియర్, హియర్.

చెవికేపట్టం
గీశాను. ABA BCB CDC DED FF. 'సెపల్కర్' ఒక్కటే విడిగా మిగిలింది.

ఏటిగట్టు
అదే చెప్పబోతున్నా. ఏ సడలింపూ లేకుండా, పద్నాలుగు లైన్లలో పదమూడు ముడి నమూనాలోనే పడ్డాయి, చివర కప్లెట్ కూడా దానంతటదే వచ్చింది. నమూనా మనం ఊహించుకున్నది కాదు, రెండో భాగం సాక్ష్యం చెప్పింది. దాన్ని పట్టుకుని ఐదో భాగానికి వెళితే 'విండ్' దగ్గర కవి నమూనా మానేశాడా, దగ్గరి ధ్వనితో సరిపెట్టాడా అని అడగొచ్చు. స్థానం సరిగ్గా ఉంది, రాతలో చివరి అక్షరాలు ఒకటే, పాత ఉచ్చారణలో కలుస్తుంది. కనక E ఇచ్చి, పక్కన ఒక గుర్తు పెడతాం.

తెల్లకాగితం
గుర్తు అంటే? పరీక్షలో ఎలా రాయాలి?

ఏటిగట్టు
చుక్కో, చిన్న గీతో, ఏదైనా. ABA BCB CDC DED EE అని రాసి కింద ఒక వాక్యం: 'విండ్ మాట E ధ్వనితో ఇవాళ్టి ఉచ్చారణలో పూర్తిగా కలవదు, రాతలో కలుస్తుంది.' వన్, హార్త్ మాటలకూ అలాగే. ఫియర్స్‌కు మాత్రం దగ్గరి ధ్వని అని రాస్తే చాలు, అది రాతలోనూ పూర్తిగా కలవదు. దిద్దేవాళ్లకు అమ్మాయి తేడాను విన్నదని తెలుస్తుంది, నమూనాను చూసిందనీ తెలుస్తుంది. గీసేటప్పుడు చేసే పని కూడా చెప్తా. పద్యం పక్కన పెట్టి, చివరి మాటలు మాత్రమే ఒక నిలువు వరుసలో రాసుకోవాలి, చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ వదలాలి. పైకి చదువుతూ అక్షరాలు వెయ్యాలి. ఎక్కడైనా ఒక అక్షరం జత లేకుండా మిగిలితే, వెంటనే కొత్త అక్షరం ఇచ్చి వదిలెయ్యకుండా, నమూనా ప్రకారం ఆ స్థానంలో ఎవరుండాలో వెనక్కి వెళ్లి చూడాలి. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. ఆ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటే మాత్రం రాతలోని పోలిక కనపడదు. ఇంగ్లీషులోనే రాసుకోమనండి.

కలువకొలను
నాదో సందేహం. మన పద్యాల్లో ప్రాస ఉంది కదా, మరి ఈ అక్షరాలు వాటికీ వెయ్యొచ్చుగా? సుమతీ శతకంలో 'అక్కరకు రాని చుట్టము' పద్యం మా బాబుకు ABAC అని రాయించాను. చుట్టము, గుర్రము కలుస్తున్నాయి. నాలుగు పాదాలు కాబట్టి క్వాట్రెయిన్. సరేనా?

ఏటిగట్టు
నాలుగు పాదాలన్నది సరే. ABAC మాత్రం వద్దండీ. ఆ కందంలో ప్రాస లైను చివర లేదు, మొదట్లో ఉంది: అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం క-ఒత్తు. అదే కందానికి తప్పనిసరి. చివర్లో చుట్టము, గుర్రము కలవడం 'ము' ప్రత్యయం వల్ల. ఇంకో సంగతి చూడండి. రెండో పాదం 'దా' అని ఆగుతుంది, మూడో పాదం 'నెక్కిన' అని మొదలవుతుంది. 'తాను ఎక్కిన' అన్నది పాదం విరుపులో రెండు ముక్కలైంది. మాటే పూర్తికాని చోట చివరి ధ్వనికి అక్షరం వేస్తే ఏం తెలుస్తుంది? గుర్తించాలనుంటే పాదాల మొదళ్లకు వేరే వరుస గీసి, దానికి AAAA అనొచ్చు. లైను చివరి అక్షరాలతో కలపకండి.

చెవికేపట్టం
అది నేనూ ఒప్పుకుంటా. క్వాట్రెయిన్ అన్న మాట లైన్ల లెక్క, రైమ్ లెక్క కాదు. ఇది కలిపేసేవాళ్లు చాలామంది. నాలుగు లైన్లు కనపడగానే ABAB అని రాస్తారు.

నల్లబల్ల
బ్లేక్ 'టైగర్' పద్యం ఉంది కదా. నాలుగేసి లైన్ల చరణాలు ఆరు, కానీ రైమ్ జంటలు జంటలుగా AABB. దాన్ని కప్లెట్లు అనాలా, క్వాట్రెయిన్లు అనాలా? మావాళ్లలోనే రెండు పార్టీలున్నాయి.

ఏటిగట్టు
రెండూ అనొచ్చు, ఒకదాన్నొకటి కొట్టుకోవు. అచ్చులో క్వాట్రెయిన్లు, రైమ్‌లో కప్లెట్లు. జవాబులో 'కప్లెట్లుగా కలిసే క్వాట్రెయిన్లు' అంటే చాలు. మీ 'ప్రతి చరణానికీ A' పద్ధతికి ఇదీ ఒక పరీక్షే. ఆగకుండా నడిపితే AABB CCDD EEFF GGHH IIJJ AABB వస్తుంది. ఆరో చరణం మొదటి చరణానికే తిరిగి వచ్చిందని అక్షరాలే చెప్తాయి. మీ పద్ధతిలో ఆరుసార్లు AABB కనపడుతుంది, ఆ మలుపు మాయమైపోతుంది.

చెవికేపట్టం
అక్కడా నా గొడవ ఉంది. మొదటి చరణంలో 'ఐ' మాటకూ 'సిమెట్రీ' మాటకూ B ఇచ్చారు. చెవితో వింటే 'సిమెట్రీ' వెళ్లి ఐదో చరణంలోని సీ, దీ గుంపులో కూర్చుంటుంది. మీ అక్షరాల్లో అది కనపడదు మరి.

ఏటిగట్టు
మంచి పాయింటే. అయినా ఆ పద్యంలో మిగతా జంటలన్నీ పక్కపక్కనే కలుస్తున్నాయి. అందుకే నేను B ఇచ్చి గుర్తు పెడతాను. మీరు కొత్త అక్షరం ఇస్తానంటే, AABC అని రాసి కారణం చెప్పండి. కారణం రాసిన జవాబును తప్పనడం కష్టం.

తెల్లకాగితం
మళ్లీ షెల్లీ దగ్గరకొస్తా. ఐదు భాగాలకూ కలిపి అక్షరాలు నడపాలా, ప్రతి భాగం A నుంచా?

ఏటిగట్టు
భాగాలకు అంకెలు వేసి విడదీశాడు కాబట్టి నేనైతే ప్రతి భాగం A నుంచి మొదలుపెడతా. కలిపి నడపడమూ కుదురుతుంది: భాగానికి ఐదు ధ్వనులు, ఐదు భాగాలకు ఇరవై ఐదు, Y దాకా సరిపోతాయి. కానీ మొదటి మూడు భాగాలూ 'హియర్' అన్న మాటతోనే ముగుస్తాయి. అప్పుడు ఆ మూడు చోట్లా ఒకే అక్షరం రావాలి, లెక్క ఇరవై ఐదు కన్నా తగ్గుతుంది.

చెవికేపట్టం
అంటే కలిపి నడిపితేనే ఆ 'హియర్' పిలుపు మూడుసార్లు వచ్చిందని తెలుస్తుంది. నల్లబల్ల గారికి మీరు చెప్పిన వాదన ఇక్కడ మీకే తగులుతోంది కదా.

ఏటిగట్టు
తగులుతుంది. కానీ అక్కడ మళ్లీ వచ్చేది మాట, దాన్ని మాట కిందే రాస్తా. రెండో భాగంలో దాని జత 'ఆట్మాస్ఫియర్', మొదటి భాగంలో 'ఎవ్రీవేర్'. ఈ రెండు జతల్నీ ఒకే అక్షరం కిందికి తోస్తే 'ఎవ్రీవేర్' దగ్గర మళ్లీ మీ చెవి అడ్డం పడదూ?

చెవికేపట్టం
పడుతుంది. అందుకే ఆ కప్లెట్ కూడా నాకు అనుమానమే.