అప్‌డేట్: బిర్యానీ ప్లేట్ కాస్ట్ లెక్క తేలింది

నా ప్రశ్న: "ప్లేట్‌కి 180 గ్రాముల ఉడికిన మటన్ వేస్తున్నాం. కాగితం మీద లాభం ఉంది, నెలాఖరుకి కనిపించడం లేదు. ఎక్కడ పోతోంది?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మసాలాలు, గ్యాస్ మీద అనుమానపడ్డాం కానీ అక్కడ తేడా ఏమీ లేదు. పనికొచ్చింది "శాతం కలపకండి, దిగుబడితో భాగించండి" అన్న సలహా.

ఒక బ్యాచ్‌ని మొదటి నుంచి చివరిదాకా తూకం వేశాం. కొన్నది 10 కిలోలు. కొవ్వు, పొరలు తీసేశాక 9 కిలోలు. వండాక మసాలా దులిపి ముక్కలు తూస్తే 6.3 కిలోలు. అంటే దిగుబడి 63 శాతం, తరుగు 37. షీట్‌లో ఆ 37 శాతాన్ని 180 మీద కలిపి 247 గ్రాములు అని రాసి ఉంది. కానీ 180ని 0.63తో భాగిస్తే దాదాపు 286 వస్తుంది. ప్లేట్‌కి 39 గ్రాముల మటన్ లెక్కలోకే రాలేదు! సరిచూడాలంటే 6.3 కిలోలకు 35 ప్లేట్లు. 10 కిలోల ఖరీదుని 35తో భాగిస్తే చాలు.

ముక్కల్ని మ్యారినేట్ చేశాక తూస్తే మాత్రం పెరుగు బరువు కలిసి తరుగు తక్కువగా కనిపిస్తుంది, అందుకే ముందే తూయాలి. బియ్యానికీ ఇదే సూత్రం, కాకపోతే అది పెరుగుతుంది: మాకు కిలోకి 2.6 కిలోల అన్నం వచ్చింది, కాబట్టి 300 గ్రాముల అన్నానికి 115 గ్రాముల బియ్యం. అడుగంటింది ఆ 2.6లో లేదు. కోత, కొవ్వును బట్టి తరుగు మారుతుంది, సరఫరాదారు మారితే మళ్లీ తూకం వేయాల్సిందే.