‘దగ్గరుండి చూసుకోవాలి’ని లీవ్ లెటర్ ఇంగ్లీషులో ఎలా రాయాలి?

గోదారి గట్టు:
నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగి మొన్న బుధవారం ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంటికి తెచ్చాం. అమ్మ ఒక్కతే ఆయన్ని లేపి కూర్చోబెట్టలేదు, అందుకని 5 వారాల సెలవు అడుగుతూ ఆఫీసుకి మెయిల్ రాశాను. ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్. ఐ హావ్ టు అటెండ్ మై ఫాదర్. కైండ్లీ గ్రాంట్ మీ లీవ్.’ పంపేముందు పక్క సీటాయనకి చూపిస్తే ‘అటెండ్ అంటే ఏదైనా ఫంక్షనా?’ అన్నాడు. ఏం తప్పు రాశాను?

వేపచెట్టు:
తప్పు మీది కాదు, బడిలో బట్టీ పట్టించిన ఉత్తరానిది. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ద స్కూల్’ అని మనందరం రాసినవాళ్లమే కదా. అక్కడ అటెండ్ అంటే హాజరవడం. స్కూలుకి, పెళ్లికి, మీటింగుకి అదే సరిపోతుంది. మనిషిని అటెండ్ అవ్వాలంటే మామూలుగా వెనక ‘టు’ గానీ ‘ఆన్’ గానీ ఉంటుంది. అసలు ఆ మాటకి మన ‘కనిపెట్టుకుని ఉండటం’ చాలా దగ్గర చుట్టం. ఫ్రెంచిలో దాని చుట్టానికి ఎదురుచూడటం అని అర్థం, తెలుగు బైబిల్లో ‘కనిపెట్టుకొని యుండుము’ అన్నా అదే అర్థం. కాచుకుని ఉండటం, రోగి పక్కన ఉండటం రెండు చోట్లా ఒకే మాటలో కలిశాయి. హాస్పిటల్లో మనల్ని అటెండెంట్ అనేది కూడా ఇందుకే.

చాక్‌పీసు:
ఇదంతా ఎందుకండీ. ‘లీవ్ ఆన్ మెడికల్ గ్రౌండ్స్’ అని రాసి డాక్టరు సర్టిఫికెట్ పెట్టండి, అయిపోతుంది. 31 ఏళ్లు టీచరుగా చేశాను.

వేపచెట్టు:
మాష్టారూ, ‘మెడికల్ గ్రౌండ్స్’ అంటే సెలవు అడిగేవాడికే ఒంట్లో బాగాలేదని చదువుతారు. మన సర్కారు కొలువులో హాఫ్ పే సెలవుని పూర్తి జీతానికి మార్చుకునే కమ్యూటెడ్ లీవు కూడా సొంత జబ్బుకే కదా. నాన్నగారి కోసమైతే ఈఎల్ పెట్టుకోవాలి, లేదా హాఫ్ పే లీవ్ ‘ఆన్ ప్రైవేట్ అఫైర్స్’ అని పెట్టుకోవాలి. తండ్రి తుంటి విరగడం ‘ప్రైవేట్ అఫైర్స్’ కిందకి రావడం నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

చాక్‌పీసు:
సరే, ఆ మాట నిజమే. నేను వాడుకున్నది నా ఆపరేషన్‌కే.

డాలస్ కోడలు:
నాదీ ఇదే గొడవ. మా అత్తగారిని నేను అమ్మా అనే పిలుస్తాను, అలవాటుగా ‘మై మదర్’ అని రాశాను. ఇక్కడ అమెరికాలో ఎఫ్ఎంఎల్ఏ అనే సెలవు చట్టం కింద కొన్ని షరతులు కలిస్తే 12 వారాల దాకా జీతం లేని సెలవు ఇస్తారు, కానీ అందులో పేరెంట్ అంటే కన్నవాళ్లూ పెంచినవాళ్లే, అత్తమామలు రారు. ఫారం WH-380-F నింపేటప్పుడు అసలు సంగతి బయటపడి తల దించుకోవాల్సి వచ్చింది. మా ఆయన తన ఆఫీసులో పెట్టుకుంటే ఇచ్చారు, విజయవాడ డాక్టరు రాసిన సర్టిఫికెట్టే తీసుకున్నారు. ఆ చట్టంలో ‘సీరియస్ హెల్త్ కండిషన్’ అనే మాట కూడా ఉంది, అంటే ‘సీరియస్’ తప్పు కాదన్నమాట!

వేపచెట్టు:
అక్కడ సీరియస్ అయింది కండిషన్, తండ్రి కాదు. ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్’ అంటే ఆయన నవ్వడు అని. ‘నాన్నకి సీరియస్‌గా ఉంది’ని ఉన్నదున్నట్టు దించేశాం. పాత టెలిగ్రాముల్లో ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని కొట్టేవాళ్లు. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి అక్కడ చెల్లింది. 2013లో టెలిగ్రాం పోయింది, ఆ వాక్యం మాత్రం మనకి మిగిలింది. పైగా మీ నాన్నగారు కోలుకుంటున్నారు, సీరియస్ అంటే అవతలివాళ్లు ఇంకేదో అనుకుంటారు.

గోదారి గట్టు:
మరి ‘అటెండ్ ఆన్’ అని రాయనా?

వేపచెట్టు:
రాయొచ్చు, కాస్త పాతవాసన వస్తుంది. ‘లుక్ ఆఫ్టర్’ అనండి.

చాక్‌పీసు:
లుక్ ఆఫ్టర్ ఇంట్లో మాట్లాడుకునే మాట. ఆఫీసు ఉత్తరానికి ‘కేర్ ఫర్’ హుందాగా ఉంటుంది.

వేపచెట్టు:
నాకు రెండింట్లో హుందాతనం తేడా కనబడలేదు. ‘దగ్గరుండి’ అన్నది మాత్రం రెండిట్లోనూ రాదు. దూరం నుంచి డబ్బు పంపినా కేర్ ఫర్ అనొచ్చు. అందుకని ఆయన లేవలేరన్న సంగతి విడిగా రాయాలి, మేనేజరుకి కావాల్సింది అదీ, తేదీలూ.

గోదారి గట్టు:
ఇలా మార్చాను: ‘ఐ రిక్వెస్ట్ లీవ్ ఫ్రమ్ 9 జూన్ టు 11 జులై టు కేర్ ఫర్ మై ఫాదర్, హూ ఈజ్ రికవరింగ్ ఫ్రమ్ హిప్ సర్జరీ అండ్ కెనాట్ గెట్ అప్ వితౌట్ హెల్ప్.’ మాష్టారి మాట ఉంచాను. పంపేశాను కూడా. ‘వారానికోసారి కాల్‌లోకి రాగలవా?’ అని మాత్రం అడిగారు. ‘రాలేను’ని మర్యాదగా ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.